స్టార్టప్ వదిలాక 90 రోజులు: వెస్ట్ అయిన స్టాక్ ఆప్షన్లకు ఎంత డబ్బు కావాలి, ఎప్పుడు కావాలి

అమెరికా స్టార్టప్‌లో కొన్నేళ్లు పనిచేసి రాజీనామా చేసేవాళ్లలో చాలామంది, వెస్ట్ అయిన ఆప్షన్లు, అంటే పనిచేసిన కాలాన్ని బట్టి తమ హక్కుగా మారిన ఆప్షన్లు, ఇక తమ సొంతమే అనుకుంటారు. నిజానికి వెస్ట్ కావడం వల్ల దక్కేది షేరు కాదు. షేరును ముందే ఖరారైన ధరకు కొనుక్కునే హక్కు మాత్రమే. ఉద్యోగం వదిలిన రోజు నుంచి ఆ హక్కుకు గడువు మొదలవుతుంది. ఎక్కువ కంపెనీల్లో అది 90 రోజులు లేదా మూడు నెలలు. ఈలోగా డబ్బు కట్టి కొనకపోతే ఆప్షన్లు రద్దయి కంపెనీ పూల్‌లోకి తిరిగి వెళ్లిపోతాయి. ఆ తర్వాత ఎంత బతిమాలినా వెనక్కి రావు.

ఈ మార్గదర్శి అమెరికా ఫెడరల్ పన్ను పరిధిలో ఉండి, ఇంకా ఐపీఓకు రాని అమెరికన్ స్టార్టప్‌ను వదులుతున్న ఉద్యోగి కోసం. అందులోనూ ఉద్యోగులకు ప్రత్యేక పన్ను సౌకర్యం ఉన్న ఐఎస్ఓ అనే రకం ఆప్షన్లు ఉన్నవాళ్ల మీదే ఎక్కువ దృష్టి పెట్టాను, ఎందుకంటే డబ్బు లెక్క తప్పేది అక్కడే. నా గట్టి నమ్మకం ఏమిటంటే, ఈ లెక్క రాజీనామా మెయిల్ పంపకముందే చేయాలి. చివరి పనిదినం ఏ తేదీన పడాలో ఇంకా మీ చేతిలో ఉన్నప్పుడు చేసిన లెక్కకూ, తర్వాత హడావిడిగా చేసిన లెక్కకూ వేల డాలర్ల తేడా వస్తుంది. ఎలా వస్తుందో కింద అంకెలతో చూపిస్తాను.

మొదటి అడుగు: కాగితాలు తీసి నాలుగు విషయాలు రాసుకోండి

మీకు కావాల్సినవి రెండు పత్రాలు. ఒకటి మీకు ఆప్షన్లు ఇచ్చినప్పుడు సంతకం చేసిన గ్రాంట్ ఒప్పందం, రెండోది కంపెనీ ఈక్విటీ ప్లాన్. రెండూ సాధారణంగా కార్టా లాంటి ఈక్విటీ పోర్టల్‌లో దొరుకుతాయి. వాటిని పీడీఎఫ్‌గా దించుకుని సొంత కంప్యూటర్‌లో పెట్టుకోండి. పోర్టల్ ఖాతా ఆఫీసు మెయిల్‌తో ఉంటే, చివరి రోజుకు ముందే సొంత మెయిల్‌కు మార్చండి. ఆఫీసు మెయిల్ మూతపడితే గడువు గురించి వచ్చే హెచ్చరికలన్నీ అక్కడికే పోతాయి, మీకు ఒక్కటీ చేరదు.

ఆ పత్రాల్లోంచి రాసుకోవాల్సినవి: చివరి పనిదినం నాటికి ఎన్ని ఆప్షన్లు వెస్ట్ అవుతాయి, స్ట్రైక్ ధర, అంటే షేరు కొనడానికి ముందే ఖరారైన ధర ఎంత, ఆప్షన్లు ఐఎస్ఓనా, ఆ పన్ను సౌకర్యం లేని ఎన్ఎస్ఓనా, ఉద్యోగం ముగిశాక ఎన్ని రోజుల గడువు ఉంది. ఒకే గ్రాంట్‌లో కొంత భాగం ఐఎస్ఓగా, కొంత ఎన్ఎస్ఓగా ఉండొచ్చు. గ్రాంట్ రోజు విలువ ప్రకారం ఒక క్యాలెండర్ సంవత్సరంలో లక్ష డాలర్లకు మించి కొత్తగా కొనుగోలుకు అర్హమయ్యే ఐఎస్ఓలలో, మించిన భాగాన్ని చట్టం ఎన్ఎస్ఓగా చూస్తుంది. కాబట్టి పోర్టల్‌లో ప్రతి వరుసనూ విడిగా చూడండి.

ఒక క్లాజ్‌ను మాత్రం జాగ్రత్తగా చదవండి. తప్పు చేశారన్న కారణంతో కంపెనీ తీసేస్తే, చాలా ప్లాన్‌లలో వెస్ట్ అయిన ఆప్షన్లు కూడా అదే రోజు రద్దవుతాయి. మరణం లేదా శాశ్వత వైకల్యం విషయంలో గడువు సాధారణంగా ఇంకా ఎక్కువ ఉంటుంది.

రెండో అడుగు: అసలు గడువు తేదీ తేల్చుకోండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, ఆప్షన్లు చేజారేది ఎక్కువగా ఇక్కడే.

గడువు మొదలయ్యేది ప్లాన్ భాషలో మీ సేవ ముగిసిన రోజు నుంచి. సెవరెన్స్ జీతం మరో రెండు నెలలు వస్తుందనో, ఆరోగ్య బీమా నెలాఖరు దాకా ఉందనో గడువు జరగదు. తర్వాత, ఒప్పందంలో 90 రోజులని ఉందా, మూడు నెలలని ఉందా చూడండి. రెండూ ఒకటి కావు. 2026 అక్టోబర్ 20 చివరి పనిదినం అనుకుందాం. మూడు నెలలంటే 2027 జనవరి 20. 90 రోజులంటే జనవరి 18. ఆ జనవరి 18 సోమవారం, పైగా మార్టిన్ లూథర్ కింగ్ సెలవు దినం. ఆ రోజు బ్యాంకులు వైర్ పంపవు. అంతకుముందు రెండు రోజులూ శని, ఆదివారాలు. అంటే ఆచరణలో మీ గడువు జనవరి 15 శుక్రవారంతోనే అయిపోయింది.

ఎక్కువ ప్లాన్‌లలో కొనుగోలు పూర్తయినట్టు లెక్క ఎప్పుడంటే, కొంటున్నామని తెలిపే ఎక్సర్‌సైజ్ నోటీసు, డబ్బు రెండూ కంపెనీకి చేరినప్పుడు. పోర్టల్‌లో బటన్ నొక్కినంత మాత్రాన సరిపోదు. బ్యాంకులో రోజువారీ బదిలీ పరిమితి ఉంటే దాన్ని పెంచుకోవడానికే రెండు మూడు రోజులు పట్టొచ్చు. అందుకని గడువుకు కనీసం పది పనిదినాల ముందు డబ్బు పంపేలా ప్లాన్ చేసుకోవాలని నా సలహా.

పోర్టల్ చూపించే తేదీని మాత్రమే నమ్ముకోకండి. మీ ఉద్యోగం ముగిసిందని కంపెనీ అక్కడ నమోదు చేసేదాకా అది గ్రాంట్ అసలు కాలపరిమితినే, అంటే ఇచ్చిన రోజు నుంచి పదేళ్ల తేదీని చూపిస్తూ ఉండొచ్చు. ఒప్పందంలోని మాటే చెల్లుతుంది. హెచ్ఆర్‌కు ఒక మెయిల్ పెట్టి, వెస్ట్ అయిన సంఖ్య, గడువు తేదీ, ఐఎస్ఓ–ఎన్ఎస్ఓ విభజన, 409ఏ అనే మదింపు ప్రకారం షేరు ప్రస్తుత విలువ, ఈ నాలుగూ రాతపూర్వకంగా తెప్పించుకోండి.

మూడు నెలల లెక్కకు చట్టంలో కూడా వేరే పాత్ర ఉంది. ఉద్యోగం ముగిసిన మూడు నెలల్లోపు కొన్న ఐఎస్ఓకే ఐఎస్ఓ పన్ను సౌకర్యం దక్కుతుంది. కంపెనీ దయతలచి గడువును ఏడేళ్లు చేసినా, మూడు నెలలు దాటాక కొంటే పన్ను దృష్టిలో అది ఎన్ఎస్ఓనే. ఉద్యోగం మానేసి అదే కంపెనీకి కన్సల్టెంట్‌గా కొనసాగేవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. ప్లాన్ ప్రకారం వెస్టింగ్ కొనసాగొచ్చు, కానీ ఐఎస్ఓ గడియారం మాత్రం ఉద్యోగి హోదా పోయిన రోజే మొదలవుతుంది.

మూడో అడుగు: రెండు రకాల డబ్బును విడదీసి చూడండి

కావాల్సిన డబ్బు రెండు భాగాలు. మొదటిది స్ట్రైక్ ధరను ఆప్షన్ల సంఖ్యతో గుణిస్తే వచ్చేది. ఇది అందరూ లెక్కేసుకుంటారు. రెండోది పన్ను. చేతికి ఒక్క డాలరు రాకుండానే, అమ్మడానికి వీల్లేని షేరు మీద కట్టాల్సిన పన్ను ఇది. దీన్ని మర్చిపోయినవాళ్లకే తర్వాత ఏప్రిల్‌లో టెన్షన్.

పన్నుకు ఆధారం స్ప్రెడ్. కొన్న రోజున షేరు విలువలోంచి స్ట్రైక్ ధర తీసేస్తే మిగిలేదే స్ప్రెడ్. ప్రైవేటు కంపెనీలో ఆ విలువ 409ఏ అనే మదింపు నుంచి వస్తుంది. కంపెనీ బయటి సంస్థతో చేయించుకునే ఈ మదింపు గరిష్ఠంగా 12 నెలలు చెల్లుతుంది. మధ్యలో కొత్త ఫండింగ్ రౌండ్ లాంటి పెద్ద మార్పు వస్తే అంతకుముందే పాతబడిపోతుంది.

ఎన్ఎస్ఓ అయితే స్ప్రెడ్ మొత్తం జీతంతో సమానం. కొన్న వెంటనే కంపెనీ దాని మీద పన్ను పట్టుకోవాలి. మీరు ఉద్యోగంలో లేరు కాబట్టి జీతంలోంచి కోసుకునే వీలు లేదు. అందుకే స్ట్రైక్ డబ్బుతో పాటు పన్ను డబ్బు కూడా అప్పుడే పంపమంటారు.

ఐఎస్ఓ అయితే కొన్న రోజున ఎవరూ ఏమీ పట్టుకోరు. మామూలు ఆదాయపు పన్నులో కూడా స్ప్రెడ్ కనిపించదు. కానీ ఏఎంటీ అనే సమాంతర లెక్కలో కనిపిస్తుంది. ఏఎంటీ అంటే ప్రత్యామ్నాయ కనీస పన్ను. ప్రతి ఏటా మీ పన్నును రెండు రకాలుగా లెక్కేసి, ఏది ఎక్కువైతే అది కట్టించుకుంటారు. చాలామందికి మామూలు పన్నే ఎక్కువ ఉంటుంది కాబట్టి ఏఎంటీ అన్నదొకటి ఉందని కూడా తెలియదు. ఐఎస్ఓ కొన్న ఏడాది మాత్రం పరిస్థితి తిరగబడుతుంది.

నాలుగో అడుగు: ఒక ఉదాహరణను చివరిదాకా లెక్కేద్దాం

ఒక ఇంజనీరు, పెళ్లి కాలేదు, రాష్ట్ర ఆదాయపు పన్ను లేని టెక్సస్‌లో ఉంటారు. చివరి పనిదినం 2026 అక్టోబర్ 20. ఆ ఏడాది అప్పటిదాకా వచ్చిన జీతం 1,60,000 డాలర్లు, వేరే ఆదాయం లేదు. వెస్ట్ అయినవి 15,000 ఐఎస్ఓలు, స్ట్రైక్ ధర 1.50 డాలర్లు, ప్రస్తుత 409ఏ విలువ 9 డాలర్లు.

స్ట్రైక్ కోసం కావాల్సింది 22,500 డాలర్లు. ఒక్కో షేరుకు స్ప్రెడ్ 7.50, మొత్తం 1,12,500 డాలర్లు.

ముందు మామూలు పన్ను. 2026లో ఒంటరి వ్యక్తికి స్టాండర్డ్ డిడక్షన్ 16,100. అది తీసేస్తే పన్ను పడే ఆదాయం 1,43,900. శ్లాబుల ప్రకారం పన్ను 27,134 డాలర్లు.

ఇప్పుడు ఏఎంటీ లెక్క. ఇందులో స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. జీతం 1,60,000కు స్ప్రెడ్ 1,12,500 కలిపితే 2,72,500. ఒంటరి వ్యక్తికి 2026లో ఏఎంటీ మినహాయింపు 90,100. అది తీసేస్తే 1,82,400. ఈ స్థాయిలో రేటు 26 శాతం, అంటే 47,424 డాలర్లు. మామూలు పన్ను 27,134 కంటే ఇది 20,290 ఎక్కువ. ఆ తేడాయే ఏఎంటీ.

అంటే ఈ ఇంజనీరు అన్ని ఆప్షన్లనూ 2026లోనే కొంటే కావాల్సింది 22,500 కాదు, 42,790 డాలర్లు. స్ట్రైక్ డబ్బు వెంటనే, పన్ను 2027 ఏప్రిల్‌కు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. స్ప్రెడ్ అస్సలు లేకపోతే ఏఎంటీ లెక్క ఎంత వచ్చేది? 1,60,000లోంచి 90,100 తీసేసి 26 శాతం వేస్తే 18,174. మామూలు పన్ను 27,134 కాబట్టి రెంటి మధ్య 8,960 డాలర్ల ఖాళీ ఉంది. ఆ ఖాళీ నిండేదాకా ఏఎంటీ ఒక్క డాలరు కూడా పడదు. 8,960ని 26 శాతంతో భాగిస్తే సుమారు 34,460 డాలర్ల స్ప్రెడ్. షేరుకు 7.50 చొప్పున 4,594 ఆప్షన్లు. వీటిని కొనడానికి ఈ ఇంజనీరుకు అయ్యే ఖర్చు స్ట్రైక్ ధర 6,891 డాలర్లు మాత్రమే, పన్ను సున్నా.

మీ అంకెలతో ఇదే లెక్క వేసుకోవడానికి సూత్రం:

```
ఖాళీ = మామూలు పన్ను − (ఆదాయం − ఏఎంటీ మినహాయింపు) × 0.26
పన్ను పడని ఆప్షన్లు = (ఖాళీ ÷ 0.26) ÷ (409ఏ విలువ − స్ట్రైక్ ధర)
```

ఇది జీతం, స్టాండర్డ్ డిడక్షన్ తప్ప ఇంకేమీ లేని సాదా రిటర్న్‌కు సరిపోతుంది. 2026లో దంపతులు కలిపి వేసే రిటర్న్‌కు మినహాయింపు 1,40,200. ఒంటరి వ్యక్తికి ఏఎంటీ ఆదాయం 5,00,000, దంపతులకు 10,00,000 దాటితే మినహాయింపు కరిగిపోవడం మొదలవుతుంది. మినహాయింపు తీసేశాక మిగిలింది 2,44,500 దాటితే ఆ పై భాగానికి రేటు 28 శాతం. స్ప్రెడ్ ఆ స్థాయిలో ఉన్నవాళ్లు ఏఎంటీని లెక్కించే ఫారం 6251ను పూర్తిగా నింపి చూడాలి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు రాష్ట్ర ఏఎంటీ మరో 7 శాతం ఉంది. దాన్ని విడిగా లెక్కేయాలి.

ఐదో అడుగు: గడువు రెండు సంవత్సరాల మీదుగా వెళ్తుందా చూడండి

ఏఎంటీ క్యాలెండర్ సంవత్సరం ప్రకారం పడుతుంది. ప్రతి ఏడాదికీ దాని ఖాళీ దానికే ఉంటుంది. అక్టోబర్ 20న ఉద్యోగం వదిలిన మన ఇంజనీరుకు గడువు జనవరి దాకా ఉంది కాబట్టి, రెండేళ్ల ఖాళీలనూ వాడుకోవచ్చు.

డిసెంబర్‌లో 4,594 ఆప్షన్లు కొంటారు. ఏఎంటీ లేదు. మిగిలిన 10,406 ఆప్షన్లను జనవరి మొదటి వారంలో కొంటారు. వీటి స్ప్రెడ్ 78,045 డాలర్లు. 2027లో కొత్త ఉద్యోగంలో జీతం అంతే ఉండి, పన్ను అంకెలు 2026లో ఉన్నట్టే ఉంటాయనుకుంటే, ఏఎంటీ 11,332 డాలర్లు వస్తుంది. అదే మొత్తం ఒకే ఏడాదిలో కొంటే 20,290 వచ్చేది. దాదాపు 9,000 డాలర్లు తగ్గింది. అంతకంటే ముఖ్యం, ఆ 11,332 కట్టాల్సింది 2028 ఏప్రిల్‌లో. అంటే గడువు లోపల చేతిలో ఉండాల్సింది స్ట్రైక్ డబ్బు 22,500 మాత్రమే, పన్ను కోసం కూడబెట్టడానికి పదిహేను నెలల సమయం దొరికింది.

అయితే ఆ పదిహేను నెలల్లో ముందస్తు పన్ను నియమం పాటించాలి. గత ఏడాది ఆదాయం 1,50,000 దాటినవాళ్లు, గత ఏడాది మొత్తం పన్నులో 110 శాతం ఈ ఏడాది జీతంలో కోత, అంటే విత్‌హోల్డింగ్ ద్వారా కట్టేస్తే జరిమానా ఉండదు. మన ఇంజనీరుకు 27,134లో 110 శాతం అంటే సుమారు 29,850. కొత్త జీతంలోంచి మామూలుగా 27,134 కోత పడుతుందనుకుంటే, ఏడాది పొడవునా కలిపి మరో 2,700 అదనంగా పట్టుకోమని కొత్త కంపెనీకి డబ్ల్యూ-4 ఫారం ఇస్తే చాలు.

అదే మనిషి జూన్‌లో రాజీనామా చేసి ఉంటే గడువు సెప్టెంబర్‌లో ముగిసేది. ఈ విభజన సాధ్యమయ్యేదే కాదు. చివరి పనిదినం అక్టోబర్ మొదటి వారం తర్వాత పడేలా చూసుకోగలిగితే చూసుకోండి అనడానికి కారణం ఇదే. ఈ ఒక్క విషయం తెలియక ఎంతోమంది కష్టార్జితం పన్నుకు పోతుంది.

జనవరిలో కొన్నదానికి ఇంకో మేలు ఉంది. ఐఎస్ఓ షేరును కొన్న క్యాలెండర్ సంవత్సరంలోనే అమ్మేస్తే ఆ షేరుకు ఏఎంటీ సర్దుబాటు ఉండదు. బదులుగా లాభం మామూలు ఆదాయంగా పన్ను పడుతుంది. జనవరిలో కొన్నవాళ్లకు డిసెంబర్ దాకా కంపెనీ పరిస్థితి గమనించే అవకాశం ఉంటుంది. కంపెనీ ఆ మధ్యలో అమ్ముడుపోయినా, షేరు విలువ కూలినా, అమ్మే దారి ఉంటే అమ్మేసి ఏఎంటీ నుంచి బయటపడొచ్చు.

దీనికి ఎదురు నిలిచే ప్రమాదం ఒకటే. డిసెంబర్‌కూ జనవరికీ మధ్య కొత్త 409ఏ రావడం. మన ఉదాహరణలో విలువ ఒక్క డాలరు పెరిగితే జనవరి కొనుగోలు మీద ఏఎంటీ సుమారు 2,700 పెరుగుతుంది. కంపెనీలో కొత్త రౌండ్ మాట వినిపిస్తుంటే, 409ఏ ఏ తేదీది, ఎప్పుడు మారబోతోందని ఫైనాన్స్‌ను ముందే అడగండి. పాత విలువ ఇంకో నెలలో పోతుందని తెలిస్తే, మొత్తం పాత విలువ మీదే కొనడం చవకా, విడగొట్టడం చవకా అన్నది రెండు లెక్కలూ వేసి తేల్చాలి.

ఆరో అడుగు: ఏఎంటీలో ఎంత వెనక్కి వస్తుందో చూడండి

ఐఎస్ఓ వల్ల పడిన ఏఎంటీ శాశ్వతంగా పోయినట్టు కాదు. అది క్రెడిట్‌గా మారి తర్వాతి సంవత్సరాలకు వెళ్తుంది. తర్వాతి ఏడాది మామూలు పన్ను ఏఎంటీ లెక్క కంటే ఎంత ఎక్కువైతే, అంతమేరకు ఫారం 8801 ద్వారా తీసుకోవచ్చు. మన ఇంజనీరుకు ఆ ఖాళీ ఏడాదికి 8,960 అని చూశాం కదా. జీతం అలాగే ఉంటే 11,332 రెండేళ్లలో తిరిగొస్తుంది. ఒకే ఏడాదిలో కొని 20,290 కట్టినా మూడేళ్లు పడుతుంది. ఈ ఫారం వేయడం మర్చిపోయేవాళ్లు చాలామంది. ఏటా రిటర్న్‌తో పాటు వేస్తూ ఉండాలి.

క్రెడిట్ ఉంది కదా అని ధైర్యంగా ఎక్కువ కొనేయొద్దు. స్ప్రెడ్ లక్షల్లో ఉంటే క్రెడిట్ తిరిగి రావడానికి దశాబ్దాలు పట్టొచ్చు. 2000 నాటి డాట్‌కామ్ పతనంలో సరిగ్గా ఇదే జరిగింది. ఆప్షన్లు కొని షేర్లు ఉంచుకున్న ఉద్యోగులకు, ఏడాది తిరిగేసరికి షేరు విలువ కూలిపోయినా, కొన్న రోజు విలువ మీద ఏఎంటీ బిల్లులు వచ్చాయి. వాళ్ల పాత బకాయిలకు ఊరటనిస్తూ అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేయడానికి 2008 దాకా పట్టింది.

ఎన్ఎస్ఓ అయితే ఇదే ఉదాహరణ ఎలా మారుతుంది

అవే 15,000 ఆప్షన్లు ఎన్ఎస్ఓలై, అన్నీ 2026లోనే కొంటే, 1,12,500 స్ప్రెడ్ మీద ఫెడరల్ విత్‌హోల్డింగ్ 22 శాతం, అంటే 24,750. సోషల్ సెక్యూరిటీ పరిమితి 1,84,500 వరకు మిగిలిన 24,500 మీద 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం, 2,00,000 దాటిన జీతం మీద మరో 0.9 శాతం. అన్నీ కలిపి సుమారు 28,550 డాలర్లు. స్ట్రైక్‌తో కలిపి 51,050 డాలర్లు అప్పటికప్పుడు పంపాలి.

అక్కడితో అయిపోలేదు. 22 శాతం అన్నది కోత రేటు మాత్రమే, మీ అసలు రేటు కాదు. ఈ స్ప్రెడ్ మన ఇంజనీరును 32 శాతం శ్లాబు దాటించి, చివరి 175 డాలర్లను 35 శాతం శ్లాబులోకి నెడుతుంది. నిజంగా పెరిగే ఆదాయపు పన్ను సుమారు 31,375. కాబట్టి ఏప్రిల్‌లో మరో 6,600 దాకా కట్టాలి. దీనికి క్రెడిట్ అంటూ ఏమీ తిరిగిరాదు.

ఏడో అడుగు: ఎన్ని కొనాలో నిర్ణయించండి

అన్నీ కొనాలన్న నియమం ఏదీ లేదు. దాదాపు అన్ని ప్లాన్‌లలో కొంత భాగమే కొనొచ్చు. చాలామంది ఈ సంగతి అడగక, అన్నీ లేదా ఏమీ వద్దు అన్న రెండు దారులే చూస్తారు.

నిర్ణయానికి పునాది ఒకే ప్రశ్న: కంపెనీ అమ్ముడుపోతే మీ చేతికొచ్చే కామన్ షేరుకు ఏం మిగులుతుంది? పెట్టుబడిదారుల దగ్గరుండేవి ప్రిఫర్డ్ షేర్లు. సాధారణ నిబంధనల్లో వాళ్లు పెట్టిన సొమ్ము ముందు వాళ్లకు వెళ్లాకే మీ వంతు వస్తుంది. 80 మిలియన్ డాలర్లు సేకరించిన కంపెనీ 60 మిలియన్లకు అమ్ముడుపోతే పత్రికల్లో అది విజయంగానే కనిపించొచ్చు, మీ షేరుకు మాత్రం సున్నా. కాబట్టి కంపెనీ ఇప్పటిదాకా మొత్తం ఎంత సేకరించింది, చివరి రౌండ్‌లో ప్రిఫర్డ్ ధర ఎంత, బ్యాంకులో ఎన్ని నెలలకు సరిపడా డబ్బుంది అన్నవి కనుక్కోండి. ఉద్యోగంలో ఉండగా అడిగితే చెప్పే అవకాశం ఎక్కువ.

మన ఇంజనీరుకు విడగొట్టి కొంటే షేరుకు పడే మొత్తం ఖర్చు, పన్నుతో కలిపి సుమారు 2.25 డాలర్లు. కంపెనీ మంచి ధరకు వెళ్తుందని నమ్మకం ఉండి, ఈ 33,800 డాలర్లు పూర్తిగా పోయినా ఇంటి ఖర్చులు ఆగవంటే కొనొచ్చు. అంత ధైర్యం లేకపోతే, పన్ను పడని 4,594 డిసెంబర్‌లో, దాదాపు అంతే సంఖ్య జనవరిలో కొని మిగతావి వదిలేయడం నాకు చాలా తెలివైన మధ్యేమార్గంగా కనిపిస్తుంది. సుమారు 13,800 డాలర్లతో 9,200 షేర్లు చేతికొస్తాయి, ఏఎంటీ ఉండదు.

ఎనిమిదో అడుగు: డబ్బు చాలకపోతే

మొదట అడగాల్సింది గడువు పొడిగింపు. కొన్ని కంపెనీలు దీన్ని విధానంగానే పెట్టుకున్నాయి. రెండేళ్లు పనిచేసినవాళ్లకు గడువును ఏడేళ్లు చేస్తున్నట్టు పింటరెస్ట్ 2015లో ప్రకటించింది. మీ కంపెనీలో అలాంటిది లేకపోయినా, సెవరెన్స్ ఒప్పందం మీద సంతకం చేయకముందు అడగండి. సంతకం అయ్యాక మీ మాటకు బలం ఉండదు. పొడిగింపు దొరికితే అది ఎన్ఎస్ఓగా మారుతుందని, అప్పుడు పన్ను కొన్న రోజు విలువ మీద జీతంలా పడుతుందని గుర్తుంచుకోండి. 409ఏ 9 నుంచి 30 డాలర్లకు వెళ్తే, వాయిదా వేసిన పన్ను చాలా పెద్దదవుతుంది. పొడిగింపు పత్రం మీద సంతకం చేసిన క్షణంలోనే ఐఎస్ఓ హోదా పోవచ్చు కాబట్టి, ఆ సంగతి ముందుగా పన్ను నిపుణుడితో తేల్చుకోండి.

రెండోది నెట్ ఎక్సర్‌సైజ్. డబ్బుకు బదులు కొన్ని షేర్లను కంపెనీయే ఉంచుకుని మిగతావి ఇస్తుంది. ప్రైవేటు కంపెనీల్లో దీనికి బోర్డు ఒప్పుకోవడం అరుదు, కానీ అడిగితే పోయేదేమీ లేదు.

మూడోది ఫైనాన్సింగ్ సంస్థలు. స్ట్రైక్, పన్ను రెండూ వాళ్లే కట్టి, కంపెనీ అమ్ముడుపోయిన రోజున అసలు, రుసుము, లాభంలో వాటా తీసుకుంటారు. నాన్ రికోర్స్ అయితే కంపెనీ మునిగినా మీ సొంత ఆస్తి జోలికి రారు. ఒప్పందంలో ఆ మాట స్పష్టంగా ఉండాలి. కంపెనీ అనుమతి అవసరమా, ఆ వాటాకు పైపరిమితి ఉందా, షేర్లు అప్పగించినప్పుడు పన్ను ఎవరిది అన్నవి చదవకుండా సంతకం పెట్టొద్దు. ఈ సంస్థలు చిన్నస్థాయి కంపెనీల వైపు సాధారణంగా చూడవు, పరిశీలనకు వారాలు పడుతుంది. అందుకే మొదటి వారంలోనే సంప్రదించాలి.

కొన్న షేర్లలో కొన్ని వేరేవాళ్లకు అమ్మి డబ్బు రాబట్టాలనుకుంటే, ముందు కంపెనీ అంతర్గత నిబంధనలైన బైలాస్ చూడండి. చాలా కంపెనీల్లో బయటివాళ్లకు అమ్మే ముందు అదే ధరకు కొనే మొదటి హక్కు కంపెనీదే, దానికి తరచూ 30 రోజులు ఉంటాయి. కొన్ని చోట్ల బోర్డు అనుమతి లేకుండా అమ్మకమే కుదరదు.

వ్యక్తిగత రుణం, క్రెడిట్ కార్డు మాత్రం వద్దు. ఈ షేర్లు ఎప్పుడు డబ్బుగా మారతాయో ఎవరూ చెప్పలేరు, వాయిదాలు మాత్రం వచ్చే నెల నుంచే మొదలవుతాయి.

తొమ్మిదో అడుగు: కొనడం, కొన్నాక చేయాల్సినవి

పోర్టల్‌లో సంఖ్య నమోదు చేసేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఎక్కువ గ్రాంట్లు ఉంటే, సాధారణంగా తక్కువ స్ప్రెడ్ ఉన్నవాటిలో ఏఎంటీ తక్కువ, తక్కువ స్ట్రైక్ ఉన్నవాటికి చెల్లింపు తక్కువ. మీకు ఏది కొరతో దాన్నిబట్టి ఎంచుకోండి. నోటీసు పంపిన రోజు, డబ్బు వెళ్లిన రసీదు, కంపెనీ అంగీకరించినట్టు వచ్చిన మెయిల్, మూడూ భద్రపరచండి. కొన్ని రోజుల్లో పోర్టల్‌లో షేర్ సర్టిఫికెట్ కనిపించాలి. వారం దాటినా కనిపించకపోతే, గడువు ఇంకా మిగిలి ఉండగానే రాతపూర్వకంగా అడగండి.

తర్వాతి ఏడాది మొదట్లో కంపెనీ నుంచి ఫారం 3921 వస్తుంది. అందులో కొన్న తేదీ, స్ట్రైక్ ధర, ఆ రోజు విలువ, షేర్ల సంఖ్య ఉంటాయి. మీ లెక్కతో సరిపోల్చుకోండి. ముఖ్యంగా కొన్న తేదీ చూడండి. డిసెంబర్ 30న పంపిన డబ్బు జనవరి 2న చేరి, కంపెనీ దాన్ని జనవరి కొనుగోలుగా నమోదు చేస్తే మీ రెండేళ్ల విభజన మొత్తం తప్పుతుంది. అందుకే డిసెంబర్ వంతును 15వ తేదీలోపే ముగించాలి.

లాభమంతా దీర్ఘకాలిక పెట్టుబడి లాభంగా లెక్కకు రావాలంటే, షేరును గ్రాంట్ తేదీ నుంచి రెండేళ్లు, కొన్న తేదీ నుంచి ఏడాది దాటేదాకా ఉంచుకోవాలి. మన ఇంజనీరుకు రెండు దఫాలకూ వేర్వేరు తేదీలు కాబట్టి, రెంటినీ విడివిడిగా రాసి పెట్టుకోవాలి. ఏఎంటీ కట్టిన షేర్లకు ఏఎంటీ లెక్కలో కొనుగోలు ధర 1.50 కాదు, 9 డాలర్లు. అమ్మే ఏడాది రిటర్న్ తయారుచేసేవాళ్లకు ఈ అంకె అందకపోతే, ఆ ఏడాది ఏఎంటీ లెక్క తప్పుగా ఎక్కువై, రావాల్సిన క్రెడిట్ చిక్కుకుపోతుంది. ఫారం 3921, ఫారం 6251 కాపీలను షేర్లు అమ్మేదాకా పారేయొద్దు.